తొమ్మిది అట్టపెట్టెలూ, ఒక అల్లుడూ

అత్తగారికి కోపం వస్తే మర్యాద పెరుగుతుంది. మామూలు రోజుల్లో "బాబూ, ఇలా రా" అని పిలిచే మనిషి, కోపం వచ్చిన రోజున "అల్లుడుగారూ, తమరొకసారి పైకి దయచేస్తారా" అంటారు. ఆ ఆదివారం స్టాకు లెక్క పూర్తయ్యాక ఆవిడ "అల్లుడుగారూ, తమకు తీరికైతేనే సుమండీ" అని కబురు పెట్టారు. అది వినగానే అల్లుడికి మెట్లెక్కే ఓపిక పోయింది.

అల్లుడంటే ఆ సూపర్ మార్కెట్‌కి మేనేజరు. కానీ మేనేజరుగారూ అని పిలిచినవాడు ఒక్కడూ లేడు. బియ్యం బస్తాలు దించేవాళ్ల నుంచి బిల్లు కోసం వరసలో నిలబడే ఖాతాదారుల దాకా అందరికీ అతను అల్లుడుగారే. కొట్టు పెట్టింది అత్తగారు, పెంచింది అత్తగారు. కింద రెండు బిల్లు కౌంటర్లు, వెనక గోడౌను, పైన ఒక అద్దాల గది. ఆర్నెల్ల కిందట మోకాళ్లు మొరాయించిన దగ్గర్నుంచీ ఆవిడ ఆ అద్దాల గదిలో కూర్చుని కింద కనిపించే నడినెత్తులను బట్టి మనుషుల గుణగణాలు అంచనా వేస్తున్నారు.

"తరుగు చూశారా?" అన్నారు అత్తగారు.

చూశాడు. కంప్యూటర్ ప్రకారం కొట్లో ఉండాల్సిన సరుకుకీ, అరల మీద నిజంగా ఉన్న సరుకుకీ మధ్య తేడానే తరుగు. ఏ కొట్టుకైనా కాస్తో కూస్తో ఉంటుంది. ఇక్కడ మాత్రం కిందటిసారి కంటే మూడింతలైంది. ముఖ్యంగా పచ్చరంగు వేపసబ్బు. అది ఎంత మాయమైందంటే, దొంగిలించినవాడు ఈపాటికి ఒళ్లంతా అరిగిపోయి ఉండాలి.

"ఎప్పటినుంచి పెరిగిందో కూడా చూశారా?"

అది చూడలేదు. అత్తగారు చూశారు. సరిగ్గా ఆర్నెల్ల నుంచి. ఆర్నెల్ల కిందట ఈ కొట్లో కొత్తగా చేరినవాళ్లు ఎవరూ అంటే ఒక్క మనిషే. మొదటి కౌంటర్లో కూర్చునే అమ్మాయి. అల్లుడి సొంత చెల్లెలు.

"నేనేమీ అనడం లేదండీ," అన్నారు అత్తగారు. "తేదీలు అంటున్నాయి. వచ్చే ఆదివారం మళ్లీ లెక్క పెడదాం. ఈలోగా తమరు దొంగను పట్టుకుంటే సరే. లేకపోతే మీ చెల్లెలు ఇంటి దగ్గరే విశ్రాంతి తీసుకుంటుంది."

చెల్లెలికి ఇది మొదటి ఉద్యోగం. చదువు ఆగిపోయి, ఇంట్లో మూలగదిలో ముడుచుకుపోయిన పిల్లను తనే బతిమాలి తీసుకొచ్చి ఆ కుర్చీలో కూర్చోబెట్టాడు. ఇప్పుడిప్పుడే తలెత్తి మాట్లాడుతోంది, జోకులు కూడా వేస్తోంది. ఇక్కడి నుంచి దొంగ అనిపించుకుని బయటికి వెళితే ఇంకే కొట్టువాడూ కౌంటర్ దగ్గరికి రానివ్వడు. అన్నిటికంటే ఆ పిల్ల మళ్లీ ఆ మూలగదిలోకి వెళ్లిపోతుందేమో అన్న భయం అతనికి పట్టుకుంది.

అందుకని దొంగను పట్టుకోవాలని తీర్మానించుకున్నాడు. దొంగను పట్టుకోవడంలో అతనికి ఉన్న అనుభవం టీవీ ముందు కూర్చుని సంపాదించింది.

సోమవారం కొట్లో నాలుగు మూలలా గుండ్రటి అద్దాలు బిగించాడు. వాటిలో అందరూ పొట్టిగా, లావుగా, అనుమానంగా కనిపించారు. మంగళవారం సబ్బుల వరస దగ్గర ఒక పెద్దాయన మీద కన్ను పడింది. ఆయన అటూ ఇటూ చూసి ఒక సబ్బు తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, మళ్లీ అరలో పెట్టాడు. ఇంకోటి తీశాడు. అల్లుడు పప్పుల వరస పక్కన నక్కి, వంగి, చివరికి పాకి మరీ ఆయన వెంట తిరిగాడు. పెద్దాయన పచ్చరంగువీ, గులాబీరంగువీ, తెల్లవీ అన్నీ వాసన చూసి, ఒక అగ్గిపెట్టె కొనుక్కుని, డబ్బిచ్చి వెళ్లిపోయాడు.

"పాపం ఆయనకి వాసనలంటే ఇష్టం అన్నయ్యా," అంది చెల్లెలు. "రోజూ వస్తారు. నువ్వెందుకు నేల మీద పాకుతున్నావు?"

"బొత్తాం ఊడిపోయింది."

"నువ్వు టీషర్టు వేసుకున్నావు."

బుధవారం రాత్రి భోజనాల దగ్గర భార్యకు గోడు చెప్పుకున్నాడు. ఆమె వడ్డిస్తూ శ్రద్ధగా వింది.

"ఏవండీ, అమ్మ మాటలకేం గానీ, మీరు ముందునుంచి చూస్తున్నారు. సరుకు వచ్చేది వెనకనుంచి కదా?"

ఆ మాట అతనికి బాగా నచ్చింది. ఎంతగా నచ్చిందంటే, తెల్లారేసరికి అది తన ఆలోచనే అనుకున్నాడు.

వెనక గోడౌనుకి మహారాజు గోడౌన్ మామయ్య. ఆయన అత్తగారికి సొంత తమ్ముడు. వచ్చిన సరుకు దించుకుని, బిల్లుతో సరిచూసుకుని, సంతకం పెట్టడం ఆయన పని. మంచివాడు, నవ్వుముఖం. కబుర్లు మొదలుపెడితే టీ చల్లారిపోయేదాకా ఆపడు, అందుకే రెండో టీ తెప్పించుకుంటాడు. ఆయన మీద నిఘా పెట్టాలంటే ఎలా? ఎదురుగా నిలబడితే కబుర్లలో దింపేస్తాడు. గోడౌను తలుపు మీద ఒక కెమెరా ఉంది గానీ, దాన్ని చూసేవాడు లేడు. పైగా అందులో నడినెత్తులే కనిపిస్తాయి, చేతులు కనిపించవు.

అప్పుడు అల్లుడి కంట పడింది ఆ పెట్టె. టాయిలెట్ టిష్యూ కాగితాల చుట్టలు వచ్చే ఖాళీ అట్టపెట్టె. ఇంత పొడుగు, అంత వెడల్పు. పట్టుకోవడానికి రెండు వైపులా చేతిరంధ్రాలు. అల్లుడు పొట్టివాడు, బక్కవాడు. పెళ్లిచూపుల్లో అత్తగారు బయటపెట్టిన ఒకే ఒక్క అభ్యంతరం అది. ఇన్నాళ్లకు దానివల్ల ఒక ప్రయోజనం కనబడింది.

గురువారం పొద్దున్నే గోడౌను తెరిచీ తెరవగానే అతను ఆ పెట్టెలో దూరి, మోకాళ్లు గడ్డానికి ఆనించి, మూత రెక్కలు ఒకదానిలో ఒకటి దోపుకున్నాడు. రంధ్రానికి కన్ను ఆనించాడు. ప్రపంచం చిన్నదిగా, స్పష్టంగా కనిపించింది.

ముందు బ్రెడ్డు వ్యాను వచ్చింది. డ్రైవరు ట్రేలు ఒకదాని మీద ఒకటి దించుతున్నాడు. మామయ్య వేళ్లు మడిచి లెక్కపెడుతున్నాడు.

"మీ బావమరిది పెళ్లి కుదిరిందా?" అన్నాడు మామయ్య.

"అదొక పెద్ద కథ సార్," అన్నాడు డ్రైవరు. కథ మొదలైంది. మామయ్య వేళ్లు మడవడం ఆగిపోయింది. టీ వచ్చింది. పెళ్లికూతురి మేనత్త అలిగిన ఘట్టం దగ్గర మామయ్య బిల్లు మీద సంతకం పెట్టేశాడు. డ్రైవరు నిన్నటి ఖాళీ ట్రేలు పోగేసుకున్నాడు. ఆ పోగు మధ్యలో ఈవాళ్టి నిండు ట్రే ఒకటి పెట్టుకుని, మేనత్తను ఎలా బుజ్జగించారో చెబుతూ వ్యానెక్కాడు.

"దొంగ!" అని అరుద్దామని అల్లుడు నోరు తెరిచాడు. అప్పుడే కాళ్లు రెండూ తిమ్మిరెక్కి, తనవి కానట్టు బిగుసుకుపోయాయి. పైగా రెక్కలు లోపలినుంచి ఎలా విప్పాలో ముందుగా ఆలోచించుకోలేదు. సరేలే, ఇంకా ఎవరైనా దొరుకుతారేమో చూద్దామని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

తర్వాత ఊడ్చే అమ్మాయి వచ్చింది. చిరిగిన పిండి పొట్లాలూ, సొట్టపడి కారుతున్న నూనె డబ్బాలూ, తేదీ దాటిన బిస్కట్లూ తట్టలో వేసుకుని చెత్తకుండీ వైపు వెళుతోంది.

"రాసుకోవాలా మామయ్యగారూ?" అని అడిగింది.

"చెత్తకి లెక్కేంటమ్మా, పారెయ్," అన్నాడు మామయ్య.

కంప్యూటర్ దృష్టిలో ఆ పిండీ, నూనే, బిస్కట్లూ ఇంకా అరల మీద మిలమిలా మెరుస్తూనే ఉన్నాయి. పైగా తేదీ దాటినవి తిరిగి ఇస్తే కంపెనీవాడు బిల్లులో డబ్బు తగ్గిస్తాడు. అల్లుడు పెట్టెలో కూర్చునే తల పట్టుకోవాలనుకున్నాడు. చెయ్యి ఎత్తే చోటు లేదు.

అంతలో టిష్యూ కంపెనీ లారీ వచ్చింది.

దించేవాడు పెట్టెలు తెచ్చి ఒక్కొక్కటే అల్లుడి పక్కనే పేర్చాడు. బిల్లు మామయ్య చేతికిచ్చాడు. మామయ్య ముందు బిల్లు చదివాడు. "పది పెట్టెలు," అన్నాడు. ఆ తర్వాత పెట్టెల వైపు చూశాడు. పది దొరికేదాకా లెక్కపెట్టడం ఆయన అలవాటు. ఒకటి, రెండు, మూడు అంటూ వచ్చి, చివరగా అరచేత్తో అల్లుడి నెత్తిమీద, అంటే పెట్టె మూతమీద, ఆప్యాయంగా తట్టాడు.

"పది. సరిపోయాయి." సంతకం పెట్టాడు.

లారీ వెళ్లిపోయింది. పెట్టె లోపల అల్లుడు కొంతసేపు నిజంగానే ఊపిరి తీసుకోవడం మర్చిపోయాడు. కంపెనీవాడు దించింది తొమ్మిదే. పదోది తను. ఇప్పుడు కొట్టు రికార్డుల ప్రకారం అతను నలభై ఎనిమిది టిష్యూ చుట్టలు.

అది జీర్ణించుకునేలోపే పెట్టె కదిలింది. మామయ్య దాన్ని బండి మీదికి ఒరగదోస్తున్నాడు.

"అబ్బ, ఈసారి సరుకు బరువుగా ఉందే," అని మెచ్చుకున్నాడు. "నాణ్యత పెంచినట్టున్నారు."

బండి గడప దాటేటప్పుడు అల్లుడి దవడలు టకామని కొట్టుకున్నాయి. టిష్యూల వరస పక్కన పెట్టెను దించేసి, మామయ్య రెండో టీకి వెళ్లిపోయాడు. అల్లుడు రంధ్రానికి రెండో కన్ను ఆనించాడు, మొదటిది అప్పటికే వాచింది.

ఎదురుగా టూత్‌పేస్టుల అర. దాని ముందుకు రెండు పాదాలు మెల్లగా వచ్చాయి. మోకాళ్ల నొప్పులకు వేసుకునే మెత్తటి చెప్పులు. పక్కన వేలాడుతున్న గుడ్డసంచి. ఆ సంచిలోకి ఒక చెయ్యి చాలా మామూలుగా, ఏ తత్తరపాటూ లేకుండా, ఒక టూత్‌పేస్టు వేసింది. ఒక తలనూనె వేసింది. రెండు బిస్కట్ పొట్లాలు వేసి, కాస్త ఆలోచించి మూడోది కూడా వేసింది. ఆ చేతికి ఉన్న గాజులు అల్లుడికి బాగా తెలుసు. పెళ్లిలో కాళ్లు కడిగిన చెయ్యి అది.

ఆ టూత్‌పేస్టు కూడా తెలుసు. దాంతోనే తను పొద్దున పళ్లు తోముకున్నాడు.

"ఒరే తమ్ముడూ!" అని అత్తగారు గొంతెత్తారు. "ఈ పెట్టె దారికి అడ్డంగా పెట్టావేంట్రా? విప్పి సర్దించు!"

"ఇదిగో వస్తున్నానక్కా!"

అల్లుడికి కట్టరు బ్లేడు బయటికి వచ్చే చప్పుడు వినబడింది. ఆ మరుక్షణం అతని తలకు అంగుళం దూరంలో అట్టలోకి మొన దిగింది.

అతను పెట్టిన కేకకు కొట్టంతా అదిరిపోయింది. పెట్టె లేచి, రెండడుగులు గెంతి, అర మీద పడి, టిష్యూ చుట్టలతో కలిసి దొర్లి, అత్తగారి కాళ్ల దగ్గర ఆగింది. మూత రెక్కలు విడిపోయి అందులోంచి ముందు ఒక చెప్పు ఊడిపడింది, తర్వాత అల్లుడు బయటపడ్డాడు. సబ్బులు వాసన చూసే పెద్దాయన చేతిలోంచి గులాబీరంగు సబ్బు జారిపోయింది. ఒక చిన్నపిల్ల మాత్రం చప్పట్లు కొట్టింది.

అత్తగారు కిందికి చూశారు.

"అల్లుడుగారూ," అన్నారు. "తమరు ఈ పెట్టెలోకి ఏ పనిమీద వేంచేశారో సెలవిస్తారా?"

పైన అద్దాల గదిలో విచారణ జరిగింది. అల్లుడూ, మామయ్యా, చెల్లెలూ నిలబడ్డారు. అల్లుడు తిమ్మిరి కాళ్లమీద ఊగుతూ నిలబడ్డాడు.

"నేను పదికి సంతకం పెట్టాను, పది ఉన్నాయి," అన్నాడు మామయ్య. "కావాలంటే లెక్కపెట్టుకో అక్కా."

"అందులో ఒకటి నేను మామయ్యగారూ!"

"అది బిల్లులో రాయలేదు కదా బాబూ."

అల్లుడు ఊపిరి పీల్చుకున్నాడు. ఇంతకాలం ఈ గదిలో అతను మెల్లగా, నేల చూపులు చూస్తూ మాట్లాడేవాడు. పెట్టెలో కూర్చుని వచ్చిన మనిషికి కొంత తెగింపు వస్తుంది కాబోలు.

"అత్తగారూ, ఒక్క మాట వినండి. నేను గనక ఇవాళ కేక పెట్టకపోయుంటే ఏమయ్యేది? కంప్యూటర్లో పది పెట్టెలు. అరల్లో తొమ్మిది పెట్టెల సరుకు. ఆదివారం లెక్కలో నలభై ఎనిమిది చుట్టలు తక్కువొచ్చేవి. మీరు ఎవర్ని అనుమానించేవారు?"

చెల్లెలు చప్పున తలెత్తింది. అనుమానం తన మీద ఉందని ఆ పిల్లకు అంతవరకూ ఎవరూ చెప్పలేదు. ఆ కళ్లలో నీళ్లు తిరగడం చూసి అల్లుడికి తన పిరికితనం మీద తనకే అసహ్యం వేసింది. ఈ నాలుగు రోజులూ దొంగ కోసం నేల మీద పాకాడు గానీ, 'మా చెల్లెలు అలాంటిది కాదు' అని ఒక్కసారి నిటారుగా నిలబడి చెప్పలేదు.

"మా చెల్లెలు అలాంటిది కాదు," అన్నాడు ఇప్పుడు.

"మరి తేదీలు?" అన్నారు అత్తగారు.

"ఆర్నెల్ల కిందట ఇంకోటి కూడా జరిగిందండి. అంతకు ముందు వెనక తలుపు దగ్గర ఎవరు నిలబడేవారు?"

అందరికీ తెలిసిందే. అత్తగారే. పొద్దున్నే నడుం బిగించి, వచ్చిన ప్రతి వరసలోంచి ఒక పెట్టె విప్పించి, లోపలి సరుకు లెక్కపెట్టించి, తక్కువుంటే బిల్లు మీద రాయించి, లారీవాడి చేత కూడా సంతకం పెట్టించుకుని గానీ వదిలేవారు కాదు. మోకాళ్లు నొప్పి పుట్టి ఆవిడ పైకి ఎక్కినప్పుడే కౌంటర్‌కి చెల్లెలు వచ్చింది, వెనక తలుపుకి మామయ్య వచ్చాడు.

"మరి వేపసబ్బు?" అని అత్తగారు పట్టు వదల్లేదు. "ఆ పెట్టెల్లో కూడా నువ్వే కూర్చున్నావా?"

నువ్వు అన్నారు. అల్లుడికి ప్రాణం లేచొచ్చింది.

అందరూ గోడౌనుకి వెళ్లారు. వేపసబ్బు పెట్టె ఒకటి విప్పారు. చెల్లెలే లెక్కపెట్టింది. అరవై. మళ్లీ పెట్టింది. అరవై. పెట్టె పక్కన కంపెనీవాడు పెద్ద అక్షరాలతో అరవై అని అచ్చేశాడు, బిల్లులో కూడా అరవై సబ్బులకే డబ్బు వేశాడు. కంప్యూటర్లో మాత్రం ఈ సబ్బుకి పెట్టె అంటే డెబ్బై రెండు అని పాతకాలం నాటి లెక్క ఉంది. కంపెనీ ఈ ఆర్నెల్లలోనే పెట్టె చిన్నది చేసింది, ఇక్కడెవరూ ఆ లెక్క మార్చలేదు. మామయ్య ఒక పెట్టె వచ్చిందని నొక్కినప్పుడల్లా, అసలు తయారే కాని పన్నెండు సబ్బులు కొట్లోకి నడిచొస్తున్నాయి.

"అంటే రాని సబ్బుల కోసమా నాలుగు రోజులు పాకావు అన్నయ్యా?" అంది చెల్లెలు. నవ్వొచ్చింది, దాంతోపాటే కన్నీళ్లు కూడా జారాయి. తర్వాత ముఖం తుడుచుకుని తనే నెమ్మదిగా చెప్పింది. "నాది కూడా ఒక తప్పుంది. ఒకే ధర బిస్కట్లు నాలుగు రకాలవి తెస్తే, ఒకదాన్నే స్కానర్ కింద పెట్టి నాలుగు అని కొట్టేస్తున్నాను. వరస పెద్దదైపోతుందని తొందర."

అల్లుడు చూశాడు. చాక్లెట్ బిస్కట్లు లెక్కకంటే తక్కువ, నారింజవి లెక్కకంటే ఎక్కువ. డబ్బు ఎక్కడికీ పోలేదు. తక్కువొచ్చినవాటినే అత్తగారు చూశారు, ఎక్కువొచ్చినవాటి వైపు ఎవరూ చూడలేదు.

పెట్టెలోంచి చూసిన ట్రే సంగతీ, చెత్త సంగతీ కూడా అల్లుడు చెప్పేశాడు. ఆ తర్వాతి రెండు రోజులూ కొట్లో హడావిడి. మామయ్యకు బిల్లు ముందుగా ఇవ్వడం మానేశారు. ఒక తెల్లకాగితం చేతికిచ్చి, వచ్చినవి లెక్కపెట్టి అంకె రాయమన్నారు. ఆ తర్వాతే బిల్లు చూపించి రెండూ పోల్చారు. మొదటిరోజు ఆయన పడిన అవస్థ చెప్పనలవి కాదు.

"ఎన్ని రావాలో తెలియకుండా ఎన్ని వచ్చాయో ఎలా తెలుస్తుంది బాబూ?" అని వాపోయాడు.

బ్రెడ్డు డ్రైవరు ఖాళీ ట్రేలను ఒక్కొక్కటిగా బోర్లించి చూపించాల్సి వచ్చింది. అతని బావమరిది పెళ్లి కథ ఆ రోజుతో ఆగిపోయింది. చిరిగినవీ, కారినవీ, తేదీ దాటినవీ రాసుకున్నాకే తట్టలో పడ్డాయి.

టిష్యూ కంపెనీవాడు మాత్రం సులభంగా లొంగలేదు. పదికి మీవాళ్లు సంతకం పెట్టారు కదా అన్నాడు. రుజువు కావాలన్నాడు. రుజువు ఉంది. గోడౌను తలుపు మీది కెమెరా. అందులో తెల్లవారగానే ఒక మేనేజరు అటూ ఇటూ చూసి, ఖాళీ అట్టపెట్టెలోకి ఒక కాలు పెట్టి, కింద పడి, లేచి, మళ్లీ దూరి మూత వేసుకోవడం నడినెత్తి వైపునుంచి చక్కగా కనిపిస్తోంది. ఆ తర్వాత లారీ రావడం, తొమ్మిది పెట్టెలు దిగడం కూడా కనిపిస్తోంది. అల్లుడు పళ్లు బిగబట్టి ఆ వీడియో పంపాడు. కంపెనీవాళ్లు గంటలో పెట్టె డబ్బు బిల్లులోంచి తగ్గించారు. తగ్గించినట్టు చెప్పడానికి ఒకరి తర్వాత ఒకరు ఏడుగురు ఫోన్ చేశారు. ఎవరూ మాట పూర్తి చేయలేకపోయారు.

ఆదివారం మళ్లీ లెక్క పెట్టారు. రాని సబ్బులు పోయాయి. బిస్కట్ల ఎక్కువా తక్కువా చెల్లుకు చెల్లయ్యాయి. అయినా ఒక జాబితా మిగిలింది. టూత్‌పేస్టులు, తలనూనెలు, బిస్కట్ పొట్లాలు. పెద్దది కాదు, కానీ ప్రతి రోజూ అంతో ఇంతో, క్రమం తప్పకుండా.

"ఇది మాత్రం చేతివాటమే," అన్నారు అత్తగారు అద్దాల గదిలో. "మనిషి చేతి పని. ఎవరంటావు?"

తెలియదని ఒక్క మాట అంటే ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. కానీ ఆ తెలియదు అనే మాట వెళ్లి ఎవరి నెత్తిన పడుతుందో అతనికి తెలుసు. అద్దంలోంచి కిందికి చూశాడు. చెల్లెలు ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతోంది.

"అత్తగారూ, ఆ పేస్టు మన ఇంట్లో బాత్రూంలో ఉంది," అన్నాడు. "నూనె అల్మారాలో ఉంది. బిస్కట్లు కిందటివారం వచ్చిన మీ పిన్నిగారి మనవలు తిన్నారు. దాదాపు రోజూ సాయంత్రం సంచిలో వస్తోంది. పెట్టె రంధ్రంలోంచి చూశానండి."

ఆవిడ ముఖం ఎర్రబడింది.

"అల్లుడుగారూ," అన్నారు. "ఈ కొట్టు తమరిదా, మాదా?"

"మీదేనండి."

"నా కొట్లో నేను తీసుకుంటే దొంగతనమా?"

"కాదండి. కానీ కంప్యూటర్‌కి మీరెవరో తెలియదు. మీరు బిల్లు లేకుండా తీసుకెళ్లిన ప్రతిదానికీ అది కింద కూర్చున్న పిల్ల వైపు వేలు చూపిస్తుంది."

అత్తగారు కుర్చీ అటు తిప్పుకున్నారు. తర్వాత "తమరిక దయచేయవచ్చు" అన్నారు. ఆ సాయంత్రం ఇంట్లో ఆవిడ అల్లుడితో మాట్లాడలేదు. భార్య రెండువైపులా కూరలు అందిస్తూ, ఇద్దరి ముఖాలూ చూస్తూ, వచ్చే నవ్వును పెరుగన్నంలో దాచుకుంది.

మర్నాడు సాయంత్రం కొట్టు రద్దీగా ఉంది. అద్దాల గది తలుపు తెరుచుకుంది. అత్తగారు ఒక్కో మెట్టూ పట్టుకుని దిగారు. గుడ్డసంచి నింపుకున్నారు. అందరూ చూస్తుండగా వెళ్లి మొదటి కౌంటర్ దగ్గర, సబ్బులు వాసన చూసే పెద్దాయన వెనక, వరసలో నిలబడ్డారు. ముందుకు రమ్మని ఆయన దారి ఇచ్చినా కదల్లేదు. కాళ్లు మార్చి మార్చి నిలబడుతూ తన వంతు వచ్చేదాకా ఆగారు.

చెల్లెలు పేస్టు స్కాన్ చేసింది, నూనె స్కాన్ చేసింది. బిస్కట్ పొట్లాలు నాలుగు రకాలవి ఉంటే, నాలుగూ విడివిడిగా స్కాన్ చేసింది. అత్తగారు అది గమనించారు. డబ్బు తీసి లెక్కపెట్టి ఇచ్చారు, బిల్లు పుచ్చుకున్నారు, సంచి భుజానికి తగిలించుకుని బయల్దేరారు.

"అత్తయ్యగారూ," అని పిలిచింది చెల్లెలు.

పిండి బస్తా వెనక నిలబడ్డ అల్లుడు కళ్లు మూసుకున్నాడు.

"సంచి అడుగున ఇంకోటి ఉన్నట్టుందండి."

అత్తగారు ఆగారు. సంచిలో చెయ్యి పెట్టారు. అడుగునుంచి ఒక పచ్చరంగు వేపసబ్బు బయటికి వచ్చింది. ఆవిడ దానివైపు కాసేపు చూసి, అందరికీ వినిపించేలా గట్టిగా అన్నారు.

"పరీక్షించాను. దాచి పెట్టాను, చూస్తుందో లేదో అని."

ఆవిడ మరిచిపోయారని అల్లుడికి తెలుసు. చెల్లెలికి తెలుసు. పెద్దాయనకు కూడా తెలుసు. ఎవరూ పైకి అనలేదు. చెల్లెలు సబ్బును స్కానర్ కింద పెట్టింది, అది కిచ్‌మంది. అత్తగారు మళ్లీ చిల్లర తీసి లెక్కపెట్టి ఇచ్చారు.

"నన్ను ఆపడానికి భయం వెయ్యలేదా నీకు?" అని అడిగారు.

"చాలా వేసిందండి," అంది చెల్లెలు.

అత్తగారు ఆ పిల్ల బుగ్గ మీద చిన్నగా తట్టారు. "ఎక్కడికీ వెళ్లొద్దు నువ్వు. రేపట్నుంచి పొద్దున్నే వచ్చి కాసేపు మా తమ్ముడితో వెనక తలుపు దగ్గర నిలబడు. నేనూ కుర్చీ వేయించుకుంటాను." తర్వాత పిండి బస్తా వైపు తిరిగారు. "బాబూ, బయటికి రా. ఆ బస్తా వెనక నువ్వు కనబడుతూనే ఉన్నావు."